రాత్రిపూట మాత్రమే మాట తెగుతోంది: ట్రేస్‌రూట్‌లో ఏ హాప్‌ను అనుమానించాలి?

కిన్నెరసాని | మంగళవారం, సాయంత్రం 4:10

నేను ఖమ్మంలో ఇంటి నుండే ఉద్యోగం చేస్తున్నాను. మా కార్యాలయ సర్వర్ ముంబయిలోని ఒక డేటా సెంటర్‌లో ఉంది. పగలంతా ఏ ఇబ్బందీ ఉండదు గాని, రాత్రి ఎనిమిదిన్నర దాటిన తరువాత సమావేశాలలో అవతలివారి మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది, నా మాట వారికి అసలు చేరడం లేదు. ఇంటర్నెట్ సంస్థకు ఫోన్ చేసిన ప్రతిసారీ స్పీడ్ టెస్ట్ చేయమంటున్నారు. అందులో వంద ఎంబీపీఎస్ నిండుగా చూపిస్తోంది కాబట్టి ఫిర్యాదును అక్కడికక్కడే మూసేస్తున్నారు. సర్వర్ దాకా దారిలో తగిలే రూటర్లను, అంటే హాప్‌లను, వరుసగా చూపే ట్రేస్‌ను ఈ మధ్యాహ్నం తీశాను, ఇక్కడ పెడుతున్నాను. బయటి చిరునామాలను మాత్రం మార్చాను, అంకెలు మార్చలేదు.

```
tracert -d 203.0.113.40

  1     2 ms     1 ms     2 ms  192.168.1.1
  2     5 ms     4 ms     5 ms  100.72.0.1
  3     6 ms     6 ms     7 ms  198.51.100.9
  4     *        *        *     Request timed out.
  5   148 ms   139 ms   161 ms  198.51.100.77
  6    22 ms    23 ms    22 ms  192.0.2.18
  7    23 ms    22 ms    24 ms  203.0.113.40
```

నాలుగో హాప్ పూర్తిగా చచ్చిపోయినట్టు, ఐదో హాప్ బాగా నెమ్మదించినట్టు నాకు కనిపిస్తోంది. ఈ రెండింటినీ చూపి ఫిర్యాదు రాస్తే సరిపోతుందా?

---

గోదారి_గట్టు | 4:35

సరిపోతుంది. ట్రేస్‌లో పైనుండి కిందికి చదువుకుంటూ వచ్చి, మొదటగా ఎక్కడ నక్షత్రాలు గాని పెద్ద అంకె గాని కనిపిస్తే అక్కడి రూటర్‌దే దోషమని రాయాలి. మీ విషయంలో అది నాలుగో హాప్. మా కార్యాలయంలో మేము ఎప్పుడూ ఇలాగే చేస్తాము.

---

పాతతీగ | 5:20

గట్టు గారు చెప్పిన సూత్రంలో సగం సరైనదే గాని, మిగిలిన సగం లేకపోతే అది తప్పు చోటికి తీసుకుపోతుంది. నష్టం ఎక్కడ మొదలైందో చూడడం ఎంత అవసరమో, అది ఆ తరువాతి హాప్‌లన్నింటిలోనూ చివరి గమ్యం దాకా కొనసాగిందో లేదో చూడడం అంతకంటే ఎక్కువ అవసరం.

కిన్నెరసాని గారి ట్రేస్‌లో ఏడో వరుసను ముందు చూడండి. గమ్యం నుండి జవాబు 23 మిల్లీసెకన్లలో వచ్చింది. గమ్యానికి వెళ్ళే ప్యాకెట్ నాలుగో రూటర్ గుండా, ఐదో రూటర్ గుండా వెళ్ళాల్సిందే కదా. నాలుగోది నిజంగా చచ్చిపోయి ఉంటే దాని కింద ఒక్క వరుసలోనూ జవాబు వచ్చేది కాదు. ఐదోది నిజంగా ప్రతి ప్యాకెట్‌ను 140 మిల్లీసెకన్లు ఆపుతూ ఉంటే, ఆరో, ఏడో వరుసలలోని అంకెలు కూడా దానితో పాటు పెరగాలి. అవి పెరగలేదు.

మరి ఆ అంకె ఎందుకు వచ్చిందంటే, ట్రేస్‌రూట్ ప్యాకెట్‌లో ప్రతి రూటర్ ఒకటి చొప్పున తగ్గించే టీటీఎల్ అంకె సున్నాకు చేరినచోట ఆ రూటర్ దాన్ని పారేసి, పారేశానని చెబుతూ మనకొక కొత్త సందేశం తయారుచేసి పంపాలి. మామూలు ప్యాకెట్లను ముందుకు నెట్టే పనిని పెద్ద రూటర్లలో అందుకోసమే ఉన్న చిప్‌లు చేస్తాయి. ఈ జవాబు రాసే పని మాత్రం చాలా వాటిలో ప్రాసెసర్ మీద పడుతుంది, దానికి ఇది అన్నింటికంటే చివరి పని. టోల్‌గేటులో ఫాస్టాగ్ వరుస సాఫీగా సాగిపోతున్నా, కిటికీ దగ్గర రశీదు అడిగినవాడు నిలబడి ఉండడం లాంటిదే ఇది. పైగా సెకనుకు ఇన్ని జవాబులకు మించి ఇవ్వకూడదని చాలా సంస్థలు హద్దు పెడతాయి, కొన్ని అసలు ఇవ్వకుండానే ఆపేస్తాయి. మీ నాలుగో హాప్ ఆ మౌనవ్రతం పట్టిన రకం, అంతే.

ఇక ఆరో వరుస దగ్గర కనిపించే 22ను చూసి కూడా కంగారు పడకండి. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది కాబట్టి, రానుపోను కలిపి ప్రతి వంద కిలోమీటర్లకు ఒక మిల్లీసెకను తప్పదు. హైదరాబాదు నుండి ముంబయి రోడ్డు మార్గాన ఏడు వందల కిలోమీటర్లు, తీగ దారి ఇంకా చుట్టుగా ఉంటుంది. ఆరు నుండి ఇరవై రెండుకు పెరగడం దూరం వల్ల వచ్చినదే.

అసలు సంగతి ఏమిటంటే, బాధ రాత్రిపూట ఉంటే మీరు మధ్యాహ్నం కొలిచారు. ఈ ట్రేస్‌ను పారేయకండి, బాగున్నప్పటి కొలతగా అది మనకు పనికొస్తుంది.

---

చిటికెలో | 5:41

ఇంత గొడవ ఎందుకండీ, రూటర్‌లో డీఎన్ఎస్‌ను 8.8.8.8కి మార్చి చూడండి. మా ఇంట్లో పేజీలు తెరుచుకోవడం వెంటనే వేగంగా మారింది.

---

పాతతీగ | 5:50

డీఎన్ఎస్ పని పేరును చిరునామాగా మార్చి ఇవ్వడంతో అయిపోతుంది. ఇక్కడ సమావేశం నడుస్తుండగా మాట తెగుతోంది, పైగా ఆయన నేరుగా అంకెల చిరునామానే అడుగుతున్నారు. ఈ బాధకు దానితో సంబంధం లేదు.

కిన్నెరసాని గారూ, ఈ రాత్రి మాట తెగుతున్న సమయంలోనే మూడు కమాండ్ విండోలు తెరిచి, ఒకదానిలో మీ ఇంటి రూటర్‌ను, ఒకదానిలో రెండో హాప్‌ను, మూడోదానిలో గమ్యాన్ని ఒకేసారి పింగ్ చేయండి. విండోస్ తనంతట తాను పంపే నాలుగు ప్యాకెట్లు ఏ మూలకూ చాలవు. నూటికి నాలుగు ప్యాకెట్లు పోతున్న లైన్‌లో నాలుగే పంపితే, వంద ప్రయత్నాలలో దాదాపు ఎనభై అయిదు సార్లు ఒక్కటీ పోనట్టే కనిపిస్తుంది.

```
ping -n 300 192.168.1.1
ping -n 300 100.72.0.1
ping -n 300 203.0.113.40
```

సెకనుకు ఒకటి చొప్పున ఐదు నిమిషాలు పడుతుంది. మూడూ ఒకే ఐదు నిమిషాలలో జరగడం ముఖ్యం.

---

కిన్నెరసాని | మంగళవారం, రాత్రి 9:52

తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాను. ఇంటి రూటర్‌కే 300లో 7 పోయాయి, గరిష్ఠ ఆలస్యం 412 మిల్లీసెకన్లు. రెండో హాప్‌కు 21, గమ్యానికి 22 పోయాయి. అంటే మా రూటరే పాడైనట్టా? కొత్తది కొనమంటారా?

---

పాతతీగ | 10:05

మీరు వైఫైలో ఉన్నారని ఈ మొదటి వరుసే చెబుతోంది. పక్క గదిలోని రూటర్‌కు వెళ్ళి రావడానికి 412 మిల్లీసెకన్లు పట్టిందంటే అది గాలిలో జరిగిన గొడవే అయి ఉండాలి. రాత్రిపూట చుట్టుపక్కల ఇళ్ళలోని వైఫైలన్నీ ఒక్కసారిగా పని మొదలుపెడతాయి. మొదటి హాప్‌లోనే నష్టం ఉంటే ఆ నష్టం కింది వరుసలన్నింటిలోకీ పాకుతుంది కాబట్టి, కింద ఎంత ఎవరిదో విడదీయలేము. కొత్త రూటర్ కొనకండి. రేపు రాత్రి ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు తీగతో కలిపి ఇదే పని మళ్ళీ చేయండి.

---

సుజాత_గుంటూరు | 10:40

తీగ పెట్టడంతో పాటు ఇంట్లో ఎవరైనా ఏదైనా పైకి ఎక్కిస్తున్నారేమో కూడా చూసుకోండి. మా నాన్నగారి ఇంట్లో సరిగ్గా రాత్రి పది గంటలకే ఇలాగే జరిగేది. తీరా చూస్తే, ఆయన ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టగానే అందులోని పెళ్ళి వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కడం మొదలయ్యేవి. వారి ప్లాన్‌లో అప్‌లోడ్ వేగం తక్కువ. రూటర్ తన దగ్గరకు వచ్చిన ప్యాకెట్లన్నింటినీ పారేయకుండా వరుసలో నిలబెట్టేది, ఆ వరుస చివర మా పింగ్ కూడా నిలబడి రెండో హాప్‌కే మూడు, నాలుగు వందల మిల్లీసెకన్లు చూపేది. మేము సంస్థవారితో నెల రోజులు పోట్లాడాము, తప్పు ఇంట్లోనే ఉంది. ఆ తరువాత రూటర్‌లో అప్‌లోడ్‌కు కొంచెం తక్కువగా హద్దు పెడితే సర్దుకుంది.

---

కిన్నెరసాని | బుధవారం, రాత్రి 10:15

తీగతో కలిపాను. సుజాత గారు చెప్పినట్టు వైఫైని పూర్తిగా ఆపేసి, ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే ఉంచాను. తొమ్మిదిన్నర నుండి వచ్చిన ఫలితం ఇది.

```
192.168.1.1
    Packets: Sent = 300, Received = 300, Lost = 0 (0% loss),
    Minimum = 0ms, Maximum = 3ms, Average = 0ms
100.72.0.1
    Packets: Sent = 300, Received = 287, Lost = 13 (4% loss),
    Minimum = 4ms, Maximum = 138ms, Average = 61ms
203.0.113.40
    Packets: Sent = 300, Received = 286, Lost = 14 (4% loss),
    Minimum = 22ms, Maximum = 157ms, Average = 79ms
```

---

పాతతీగ | 10:48

ఇప్పుడు చదవడానికి వీలైన కొలత వచ్చింది.

ఇంటి లోపల ఏమీ పోలేదు. రెండో హాప్ దగ్గర నష్టం మొదలైంది, గమ్యం దాకా దాదాపు అంతే ఉండిపోయింది. పదమూడుకూ పద్నాలుగుకూ ఉన్న తేడాను పట్టించుకోనక్కరలేదు, రెండు విండోలలోనివీ వేరువేరు ప్యాకెట్లు కదా.

నష్టం కంటే ఆలస్యం ఇక్కడ ఎక్కువ చెబుతోంది. మధ్యాహ్నం రెండో హాప్ 5, గమ్యం 23, మధ్య తేడా పద్దెనిమిది. ఈ రాత్రి రెండో హాప్ సగటు 61, గమ్యం 79, మధ్య తేడా మళ్ళీ పద్దెనిమిదే. అంటే రెండో హాప్ దాటిన తరువాత ముంబయి దాకా ఉన్న దారి మధ్యాహ్నం ఎలా ఉందో రాత్రీ అలాగే ఉంది. కొత్తగా చేరిన యాభై ఆరు మిల్లీసెకన్లూ మీ రూటర్‌కూ రెండో హాప్‌కూ నడుమనే చేరాయి.

కనిష్ఠం చూడండి, అది ఇప్పటికీ 4. ఎప్పుడైనా వరుస ఖాళీగా దొరికిన ప్యాకెట్ మధ్యాహ్నంలాగే క్షణంలో వెళ్ళి వచ్చింది, మిగిలినవి నిలబడ్డాయి, వరుస నిండినప్పుడు కొన్ని కింద పడ్డాయి. దారి మారి దూరం పెరిగి ఉంటే కనిష్ఠం కూడా పెరిగేది. ఇది రద్దీకి ఉండే పోలిక.

---

గోదారి_గట్టు | గురువారం, ఉదయం 7:30

నాకొక సందేహం. మధ్యలోని రూటర్ జవాబును నమ్మకూడదని మొన్న మీరే చెప్పారు. ఐదో హాప్ విషయంలో 148ని కొట్టిపారేసి, రెండో హాప్ విషయంలో 61ని సాక్ష్యంగా తీసుకోవడం ఎలా కుదురుతుంది? రెండో హాప్ కూడా రూటరే కదా, అది కూడా బద్ధకంగా జవాబిచ్చి ఉండవచ్చు.

---

పాతతీగ | 8:10

చాలా సరైన ప్రశ్న. రెండో హాప్ అంకె ఒక్కటే ఉంటే మీరన్నట్టు నేను నమ్మేవాణ్ణి కాదు. నా లెక్క గమ్యం నుండి మొదలవుతుంది. గమ్యం దగ్గర 14 ప్యాకెట్లు పోయాయి, ఆలస్యం పెరిగింది, మాట నిజంగానే తెగింది. కాబట్టి దారిలో ఎక్కడో నిజమైన దెబ్బ ఉంది. ఎక్కడ అన్న ప్రశ్నకు మాత్రమే మధ్య హాప్‌లను పిలుస్తున్నాను. రెండో హాప్ చెప్పిన అంకె, గమ్యం చెప్పిన అంకె ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. బద్ధకం వల్ల వచ్చిన ఆలస్యమైతే రెండో హాప్‌లో మాత్రమే ఉండి గమ్యంలో కనిపించదు. ఐదో హాప్ విషయంలో గమ్యం దాని మాటను బలపరచలేదు, ఇక్కడ బలపరిచింది.

అయినా రెండో హాప్ పూర్తిగా ఒక మంచి సాక్షి అని నేను అనను. మూడో హాప్‌ను కూడా అదే సమయంలో పింగ్ చేసి అక్కడా అదే అంకె వస్తే మాట ఇంకొంచెం గట్టిపడుతుంది.

---

హడ్సన్_తీరం | 9:05

ఈ చర్చకు దగ్గరగా ఉన్న నా ఇబ్బందిని కూడా అడుగుతున్నాను. నేను న్యూజెర్సీ నుండి హైదరాబాదులోని మా సర్వర్‌కు కలుస్తాను. ట్రేస్‌లో మూడో హాప్ దాకా 8 మిల్లీసెకన్లు ఉంటుంది. నాలుగో హాప్ పేరులో న్యూయార్క్ అని స్పష్టంగా ఉన్నా అక్కడే 221కి ఎగురుతుంది, ఆ తరువాతి నాలుగు హాప్‌లూ 221, 222గానే ఉంటాయి, గమ్యమూ 224. మీ సూత్రం ప్రకారం ఆలస్యం మొదలై చివరిదాకా కొనసాగింది కాబట్టి న్యూయార్క్ రూటర్‌దే తప్పు కావాలి. వారికి రాస్తే మా దగ్గర ఏమీ లేదన్నారు.

---

పాతతీగ | 9:40

వారు నిజమే చెప్పి ఉండవచ్చు. పెద్ద సంస్థలు చాలావరకు తమ దారిని, లోపలి రూటర్లు చిరునామా చూడకుండా ప్యాకెట్‌కు అంటించిన చీటీని చూసి ముందుకు నెట్టే ఎంపీఎల్ఎస్ సొరంగంగా నడుపుతాయి. ఆ సొరంగం నడుమ ఉన్న రూటర్‌కు మీ దగ్గరకు తిరుగుదారి తెలియకపోవచ్చు. కనుక అది తన జవాబును నేరుగా వెనక్కి పంపకుండా, సొరంగం అవతలి చివర దాకా ముందుకు పంపుతుంది, అక్కడి నుండి అది మీ వైపు తిరుగుతుంది. సొరంగం న్యూయార్క్‌లో మొదలై సముద్రం అవతల ముగిస్తే, న్యూయార్క్ రూటర్ జవాబు కూడా సముద్రం దాటి వచ్చినదే అవుతుంది. అన్ని హాప్‌లూ ఒకే అంకె చూపడం దానికి గుర్తు. న్యూజెర్సీ నుండి హైదరాబాదుకు 224 అసాధారణమేమీ కాదు.

ఇంకొక మాట. ట్రేస్‌రూట్ పోయే దారిని మాత్రమే చూపుతుంది, అంకెలో మాత్రం వచ్చే దారి కూడా కలిసి ఉంటుంది. రెండూ ఒకటే కావాలన్న నియమం ఏదీ లేదు. ఇంత దూరంలో అవి వేరుగా ఉండడమే మామూలు. మీకు హైదరాబాదు సర్వర్ చేతిలో ఉంది కాబట్టి, అక్కడి నుండి మీ న్యూజెర్సీ చిరునామాకు ఎదురు ట్రేస్ తీసి పెట్టండి. రెండూ పక్కపక్కన లేకుండా ఏదీ తేల్చలేము. కిన్నెరసాని గారి విషయంలో అనుమానం ఉన్న ముక్క ఇంటికీ రెండో హాప్ అయిన సంస్థ గేట్‌వేకూ నడుమది కనుక, అక్కడ వేరు దారి పట్టే అవకాశం లేనట్టే.

---

ఫైబర్_సోమన్న | మధ్యాహ్నం 1:15

నేను ఒక చిన్న పట్టణంలో లోకల్ ఆపరేటర్ దగ్గర లైన్ పని చూస్తాను. వినియోగదారులు ఇలాంటి ఫిర్యాదు ఇస్తే ముందుగా మేము ఇంటి దగ్గర లైట్ పవర్ కొలుస్తాము. కిన్నెరసాని గారి ఇంట్లో మైనస్ 27 డీబీఎం దగ్గరికి పడిపోయి ఉంటే ప్యాకెట్లు పోతాయి. కనెక్టర్ తుడిచినా, వంగిన తీగను సరిచేసినా చాలాసార్లు బాగవుతుంది. ముందే రద్దీ అని తేల్చేయడం మాకు అన్యాయం.

---

పాతతీగ | 2:00

లైట్ పవర్ చూడాల్సిందే, అది ఒక్క నిమిషం పని. అయితే మసక కనెక్టర్‌కు రాత్రీ పగలూ తేడా తెలియదు. అది మధ్యాహ్నం కూడా ప్యాకెట్లను పోగొట్టాలి, పైగా ప్యాకెట్‌ను పాడుచేస్తుందే గాని యాభై మిల్లీసెకన్లు వరుసలో నిలబెట్టదు. నష్టమూ ఆలస్యమూ కలిసి, అదీ ఒక వేళకే పెరగడం నాకు రద్దీగానే కనిపిస్తోంది.

---

ఫైబర్_సోమన్న | 2:25

ఒప్పుకుంటాను. కాని ఆ రద్దీ ఎక్కడిదో మీ ట్రేస్ చెప్పదు. ఇంటి రూటర్‌కూ రెండో హాప్‌కూ నడుమ ఒక తీగను చాలా ఇళ్ళకు పంచే స్ప్లిటర్ ఉంటుంది, ఆ తీగలన్నీ వచ్చి చేరే మా ఓఎల్‌టీ పెట్టె ఉంటుంది, రెండు మూడు స్విచ్‌లు ఉంటాయి, ఆ తరువాత పెద్ద సంస్థ గేట్‌వేకు మేము అద్దెకు తీసుకున్న లైన్ ఉంటుంది. అవేవీ టీటీఎల్‌ను తగ్గించవు కనుక ఒక్కటి కూడా వరుసగా కనిపించదు. ఓఎల్‌టీలోని ఒక జీపాన్ పోర్టులో కిందికి రెండున్నర జీబీపీఎస్‌ను అందరూ పంచుకుంటారు, మా దగ్గర అది నిండడం అరుదు. గేట్‌వేకు వెళ్ళే అద్దె లైన్ నిండడం మాత్రం నేను చూశాను, అది పెంచాలంటే డబ్బు పెట్టాలి.

---

పాతతీగ | 2:50

ఇది పూర్తిగా నిజం, ట్రేస్‌రూట్ శక్తి అక్కడితో ఆగిపోతుంది. ఇంటి బయట, గేట్‌వే లోపల అన్నంతవరకే మనం చెప్పగలము. ఆ లోపల ఏ పోర్టు నిండిందో వారి గ్రాఫ్‌లు చూసినవారికే తెలుస్తుంది. ఒక చిన్న ఆధారం మాత్రం బయటి నుండి దొరుకుతుంది. అదే ఓఎల్‌టీ మీద, వేరే స్ప్లిటర్ మీద ఉన్న పొరుగువారి ఇంట్లో కూడా అదే వేళకు అంతే ఆలస్యం ఉంటే అద్దె లైన్ మీద అనుమానం పెరుగుతుంది.

కిన్నెరసాని గారూ, ఫిర్యాదులో నాలుగో, ఐదో హాప్‌ల ఊసే ఎత్తకండి. ఎత్తితే వారు దాన్ని కొట్టిపారేసి మిగిలినదాన్ని చదవరు. తీగతో తీశానని, వైఫై ఆపేశానని ముందే రాసి, మధ్యాహ్నం కూడా అవే మూడు పింగ్‌లు తీసి, వాటినీ రాత్రి మూడు పింగ్‌లనూ గంట, నిమిషంతో సహా పక్కపక్కన పెట్టండి. స్పీడ్ టెస్ట్ గురించి అడిగితే, అది ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, పోయిన ప్యాకెట్లను మళ్ళీ తెప్పించుకుంటుంది కనుక నిండుగా చూపగలదని, మాటకు ఆ వెసులుబాటు లేదని చెప్పండి. పోయిన మాటను మళ్ళీ తెచ్చేసరికి దాని వేళ దాటిపోతుంది.

---

కిన్నెరసాని | సోమవారం, రాత్రి 10:30

మీరు చెప్పిన విధంగా రాశాను. శుక్రవారం ఒకరు వచ్చి లైట్ పవర్ కొలిచారు, మైనస్ 19 వచ్చింది, బాగుందన్నారు. ఆ సాయంత్రం రెండో హాప్, మూడో హాప్ రెండింటిలోనూ సగటు అరవై దగ్గరే ఉంది. రెండు వీధుల అవతల ఉన్న స్నేహితుడి ఇంట్లో కొలిస్తే అక్కడ 40 వచ్చింది, కాని ఆయన వైఫైలోనే చూశారు.

ఈ రోజు ఉదయం ఒక పావుగంట లైన్ ఆగి వచ్చింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు రెండో హాప్ సగటు 9, గమ్యం 28, రెండింటికీ 300లో 3 చొప్పున పోయాయి. సమావేశంలో మాట ఒక్కసారి కూడా తెగలేదు. ఏమి మార్చారని అడిగితే చెప్పలేదు. ట్రేస్‌లో రెండో హాప్ చిరునామా మాత్రం 100.72.0.1 పోయి 100.81.0.1 అయింది.

---

పాతతీగ | 10:55

మిమ్మల్ని వేరే గేట్‌వే మీదకు మార్చారు. ఆ ముక్కలో రద్దీ ఇంకా కొంచెం మిగిలి ఉండవచ్చు, 300లో మూడు పోవడం పూర్తిగా శుభ్రమైన లైన్‌కు గుర్తు కాదు. చిరునామా మారింది కనుక పాత మధ్యాహ్నపు కొలతతో ఇకపై పోల్చకండి, రేపు మధ్యాహ్నం కొత్త గేట్‌వేకు మరొకటి తీసి పెట్టుకోండి. వారాంతపు రాత్రి ఒకసారి కొలిచి ఇక్కడ రాస్తే, ఇది నయమైందో వాయిదా పడిందో చూడవచ్చు.

---

ఫైబర్_సోమన్న | 11:10

ఒక గేట్‌వే నుండి ఇంకొక గేట్‌వేకు జనాన్ని మార్చితే ఆ రెండోది ఎప్పుడు నిండుతుందన్నదే ప్రశ్న. మీ స్నేహితుడి ఇంట్లో తీగతో కొలిచిన అంకె దొరికితే తప్పక పెట్టండి, ఆయన ఏ గేట్‌వే మీద ఉన్నారో కూడా రాయండి.